గొంతువాపు వ్యాధి

పశువుల్లో, ముఖ్యంగా గేదెల్లో, పాశ్చురెల్లా మల్టోసిడా అనే బాక్టీరియా వల్ల వచ్చే ప్రాణాంతక వ్యాధి ఇది. గురక రోగం అని కూడా అంటారు. ఆసియాలో దీనికి ప్రధాన కారణం బి:2 రకం. ఆవులకంటే గేదెలకు, అందులోనూ ఆరు నెలల నుంచి రెండేళ్ల లోపు దూడలకు ముప్పు ఎక్కువ.

ఆరోగ్యంగా కనిపించే కొన్ని పశువుల టాన్సిళ్లలో ఈ క్రిమి దాగి ఉంటుంది. ఎండాకాలపు మేత కొరతతో నీరసించిన పశువు తొలకరిలో తడిసి, బురద పాకలో కిక్కిరిసి ఉన్నప్పుడు వ్యాధి బయటపడుతుంది. తేమలో క్రిమి ఎక్కువసేపు బతికి, చొంగ, ముక్కు స్రావాల ద్వారా మందంతా పాకుతుంది.

సాయంత్రం మేత మానేసిన దూడకు 105 డిగ్రీల ఫారన్‌హీట్ దాటిన జ్వరం, చొంగ కనిపిస్తాయి. తర్వాత దవడ కింద వేడిగా, నొప్పిగా వాపు మొదలై మెడ, గంగడోలు వరకు దిగుతుంది. ఊపిరి అందక గురక పెడుతుంది; తెల్లారేసరికి చనిపోవచ్చు. దీన్ని జబ్బవాపుగా పొరబడకూడదు: జబ్బవాపులో వాపు తొడ, భుజం కండరాల్లో ఉండి, నొక్కితే చిటపటలాడుతుంది. గొంతువాపులో ఆ శబ్దం ఉండదు. జ్వరం దశలోనే యాంటీబయాటిక్ పడితే బతికే అవకాశముంది. గురక మొదలయ్యాక చికిత్స అరుదుగా ఫలిస్తుంది.

అందుకే టీకా తొలకరికి ముందే, మే నెలలోనే వేయించాలి; రక్షణ ఏర్పడటానికి రెండు మూడు వారాలు పడుతుంది. పటిక టీకా రక్షణ నాలుగు నుంచి ఆరు నెలలు, నూనె టీకాది దాదాపు ఏడాది. దూడలకు ఆరో నెలలో మొదలుపెడతారు. సీసాను 2–8 డిగ్రీల సెల్సియస్‌లో ఉంచాలి, గడ్డకడితే పారేయాల్సిందే. వ్యాధి ఊళ్లోకి వచ్చాక వేస్తే, అప్పటికే క్రిమి సోకినవి టీకా వేసినా చనిపోవచ్చు. నింద అన్యాయంగా టీకామీద పడుతుంది.