పెట్టెలో పట్టని కాగితం

మేడ్చల్, శామీర్‌పేట, తుర్కపల్లి చుట్టుపక్కల మందుల కంపెనీలకు కొదవ లేదు. ఎక్కడ తయారైనా సరే, రోగి ఇంట్లో వాడుకునే మాత్రలు యూరప్‌కు వెళ్లాలంటే పెట్టె మీద మందు పేరు బ్రెయిలీ చుక్కల్లో ఉండాలి. యూరోపియన్ యూనియన్ 2004లో తెచ్చిన నిబంధన ఇది. అందులోనే ఇంకో మాట ఉంది. రోగుల సంఘాలు అడిగితే, లోపల పెట్టే వివరాల కాగితాన్ని చూపు తగ్గినవాళ్లు చదువుకోగల రూపంలో కూడా కంపెనీ అందుబాటులో ఉంచాలి. పెద్ద అక్షరాల కాగితానికి అక్కడ చట్టం అండ దొరికింది అలా.

ఆలోచన మాత్రం పుస్తకాల వాళ్లది. ఇంగ్లండులోని లెస్టర్ దగ్గర ఫ్రెడరిక్ థార్ప్ అనే ప్రచురణకర్త 1964లో అల్వర్స్‌క్రాఫ్ట్ పేరుతో ముసలివాళ్ల కోసం పెద్ద అక్షరాల పుస్తకాలు వేయడం మొదలుపెట్టాడు. అక్షరం మామూలుదానికి దాదాపు రెట్టింపు. దాంతో పుస్తకమూ పెరిగిపోయింది. కంటికి ఆనింది కానీ, వణికే చేతులకు బరువైంది. 1969 నుంచి పుస్తకాన్ని మామూలు సైజుకు తెచ్చారు. అక్షరం పెంచితే ఆ భారం ఎక్కడో పడుతుందన్న సంగతి అప్పుడే తెలిసొచ్చింది.

మందుల కాగితం దగ్గర ఆ భారం పడేది పెట్టె మీద. యూరప్ 2009 మార్గదర్శకాల ప్రకారం మామూలు కాగితంలో అక్షరం కనీసం 9 పాయింట్లు ఉండాలి. పాయింటు అంటే అంగుళంలో 72వ వంతు. చూపు తగ్గినవాళ్లకైతే 16 నుంచి 20 పాయింట్లు మేలని వాటిలోనే ఉంది. 9ని 18 చేస్తే పొడవూ వెడల్పూ రెండూ రెట్టింపై కాగితం నాలుగింతలు కావాలి. రెండువైపులా అచ్చయిన ఒక్క ఏ4 కాగితం నాలుగు కాగితాలవుతుంది. మాత్రల పెట్టెలో అది పట్టదు. అందుకే అడిగినవాళ్లకు విడిగా ఇచ్చే పద్ధతి వచ్చింది.

మన దగ్గర సంగతి వేరు. మందుతో వచ్చే కాగితం చాలావరకు డాక్టర్ల కోసం ఇంగ్లీషులో రాసింది. షీటు కత్తిరించి నాలుగు మాత్రలు ఇస్తే అదీ చేతికి రాదు. కాబట్టి తెలుగులో పెద్ద అక్షరాల కాగితం చేయాలంటే మొదటినుంచీ రాసుకోవాల్సిందే.

ఎముకలు గుల్లబారినవాళ్లకు ఇచ్చే అలెండ్రోనేట్ మాత్రనే తీసుకుందాం. 70 మిల్లీగ్రాములది వారానికి ఒక్కటే. పొద్దున్నే పరగడుపున గ్లాసు నిండా మంచినీళ్లతో మింగాలి. తర్వాత కనీసం అరగంట నడుం వాల్చకూడదు, ఏమీ తినకూడదు. మాత్ర గొంతులోంచి కడుపులోకి వెళ్లే గొట్టంలో నిలిచిపోతే అక్కడ పుండు పడుతుంది.

దీన్ని 18 పాయింట్లలో అచ్చువేసి, వరుసల మధ్య దూరం ఇంగ్లీషుకు ఉంచినంతే ఉంచితే పై వరుస ఒత్తులు కింది వరుస గుడిదీర్ఘాలకు తగులుతాయి. మసక కంటికి రెండూ కలిసిపోతాయి. 18 పాయింట్ల అక్షరానికి వరుసకూ వరుసకూ మధ్య 28, 30 పాయింట్లైనా ఉండాలని నా లెక్క. సన్నగీతల ఫాంటు పనికిరాదు. మెరిసే కాగితమూ అంతే, దీపం వెలుగు కంట్లో కొడుతుంది. పలచటి కాగితమైతే వెనక అచ్చు ముందుకు కనబడుతుంది.

వీటన్నిటికంటే నన్ను భయపెట్టేది ‘పడుకోవద్దు’ అన్న మాట. ‘పడుకోవచ్చు’కూ దానికీ తేడా చివరి అక్షరమూ దాని ఒత్తూ మాత్రమే. చూపు ఆననివాళ్లకు అక్కడే అర్థం తలకిందులవుతుంది. కాబట్టి ‘అరగంట కూర్చోండి, లేదా నిలబడి ఉండండి’ అని రాయాలి. ‘వారానికి ఒక్క మాత్ర’ అన్నది అన్నిటికంటే పైన, విడి వరుసలో ఉండాలి. రోజూ వేసుకుంటే ప్రమాదం గనక.

కాగితం పనికొస్తుందో లేదో తెలుసుకునే పరీక్షను ఆస్ట్రేలియాలో డేవిడ్ స్లెస్ బృందం రూపొందించింది. తర్వాత యూరప్ కూడా అదే దారి పట్టింది. పదిమందికి కాగితమిచ్చి ‘మాత్ర వేసుకున్నాక ఎంతసేపటికి టిఫిన్ చేయొచ్చు?’ లాంటి ప్రశ్నలడుగుతారు. తొమ్మిదిమందైనా జవాబున్న చోటు వెతికి పట్టుకోవాలి, పట్టుకున్నవాళ్లలో తొంభై శాతం దాన్ని తమ మాటల్లో చెప్పగలగాలి. మనవాళ్లతో చేసేటప్పుడు వాళ్లు రోజూ పెట్టుకునే కళ్లద్దాలతోనే, ఇంట్లో ఉండే వెలుతురులోనే చదివించాలి. వేలు ఏ వరుస దగ్గర తచ్చాడితే ఆ వరుసను మార్చి రాయాలి.

అక్షరం పెంచడం అందరికీ మందు కాదు. గ్లాకోమా ముదిరి చుట్టుపక్కల చూపు పోయినవాళ్లకు మరీ పెద్ద అక్షరమైతే ఒక్క చూపులో రెండు మూడు అక్షరాలే అందుతాయి, చదవడం ఇంకా నెమ్మదిస్తుంది. హైదరాబాద్ ప్రాంతంలోని వృద్ధాశ్రమాల్లో ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ చేసిన సర్వేలో పదిమందిలో ముగ్గురికి చూపు తగ్గినట్టు తేలింది. కారణాల్లో మొదటిది శుక్లాలు, తర్వాతది సరైన అద్దాలు లేకపోవడం. అలాంటివాళ్ల చేతిలో పెద్ద అక్షరాల కాగితం పెట్టేటప్పుడే కంటి పరీక్షకు చీటీ కూడా రాసివ్వాలి.