ప్రేక్షక విధేయత కొలమానాలు

వీడియోకు వచ్చిన మొత్తం వీక్షణలను కాక, మళ్లీ మళ్లీ వచ్చే ప్రేక్షకులను లెక్కించి ఛానల్ బలాన్ని అంచనా వేసే పద్ధతి ఇది. మదనపల్లె మార్కెట్ టమాటా ధరల వీడియోలు దీనికి తగిన ఉదాహరణ. 2023 జూలైలో ధర విపరీతంగా పెరిగినప్పుడు ఆ వార్త దేశమంతటా ఆసక్తి రేపింది. అలాంటి ఆసక్తితో వచ్చేవారు ఒకసారి చూసి వెళ్తారు. పుంగనూరు, కుప్పం రైతులకు మాత్రం ధర రోజూ కావాలి.

ఊహాత్మక లెక్క చూద్దాం. ధర పెరిగిన రోజు వీడియోకు 50,000 వీక్షణలు, 100 మంది కొత్త సబ్‌స్క్రైబర్లు వస్తే, వెయ్యికి ఇద్దరు చేరినట్టు. మామూలు రోజు వీడియోకు 4,000 వీక్షణలు, 40 మంది వస్తే వెయ్యికి పదిమంది. వీడిపోయినవారిని తీసివేశాకే ఈ లెక్క కట్టాలి. నెల వీక్షణలను ప్రేక్షకుల సంఖ్యతో భాగిస్తే ఒక్కొక్కరు సగటున ఎన్నిసార్లు చూశారో తెలుస్తుంది.

షార్ట్స్‌ను విడిగా లెక్కించాలి. 2025 మార్చి 31 నుంచి యూట్యూబ్ అవి మొదలైన ప్రతిసారీ, తిరిగి ఆడిన ప్రతిసారీ వీక్షణగా లెక్కిస్తోంది. ప్రేక్షకుల సంఖ్య కూడా కచ్చితం కాదు: ఒకే ఫోన్‌లో ఇంటిల్లిపాదీ చూస్తే ఒక్కరిగానే నమోదు కావచ్చు. అందువల్ల ఏ ఒక్క అంకెతోనూ విధేయతను నిర్ధారించకూడదు. మళ్లీ వచ్చే ప్రేక్షకులు, వెయ్యి వీక్షణలకు చేరిన సబ్‌స్క్రైబర్లు, ఒక్కొక్కరి సగటు వీక్షణలు, ఈ మూడింటినీ కొన్ని నెలలపాటు పోల్చి చూడాలి.