పంట రుణం స్టేట్‌మెంట్‌లో ఈ 3 చూశారా?

ఊళ్లో నాన్న పేరు మీద కిసాన్ క్రెడిట్ కార్డు రుణం ఉందా? అయితే స్టేట్‌మెంట్ తెప్పించుకుని మంజూరైన పరిమితి, గడువు తేదీ, వడ్డీ రాయితీ ఎలా ఉన్నాయో ఒకసారి చూడండి.

పరిమితి ఎంత?

సాంక్షన్డ్ లిమిట్ అంటే బ్యాంకు మంజూరు చేసిన గరిష్ఠ మొత్తం. అంత అప్పు ఉన్నట్టు కాదు. వడ్డీ పడేది వాడుకున్న సొమ్ముకే. పరిమితి రూ.2 లక్షలు ఉన్నా, రూ.లక్షే తీసుకుంటే వడ్డీ ఆ లక్షకే లెక్కిస్తారు.

గడువు ఎప్పుడు?

ఎక్కువ మంది పొరబడేది ఇక్కడే. కార్డు సాధారణంగా 5 ఏళ్లు చెల్లుతుంది. దాన్ని చూసి తిరిగి కట్టడానికీ అంతే సమయం ఉందనుకుంటారు. పంట రుణం కట్టాల్సిన గడువు వేరు. రాయితీ కావాలంటే బ్యాంకు పెట్టిన గడువులోగా, ఎట్టి పరిస్థితుల్లోనూ సొమ్ము తీసిన రోజు నుంచి ఏడాదిలోగా కట్టేయాలి. వడ్డీ మాత్రమే కడితే సరిపోదు, అసలు కూడా జమ కావాలి.

రాయితీ వచ్చిందా?

రూ.3 లక్షల వరకు పంట రుణానికి బ్యాంకు 7 శాతం వడ్డీ వేస్తుంది. గడువులోగా కట్టిన రైతుకు కేంద్రం మరో 3 శాతం ప్రోత్సాహకం ఇస్తుంది. అంటే చివరికి పడే భారం 4 శాతమే.

ఉదాహరణకు, 2024 జూన్ 20న రూ.లక్ష తీసుకున్నారనుకుందాం. 2025 జూన్ 10న మొత్తం కట్టేస్తే, 355 రోజులకు వడ్డీ సుమారు రూ.6,808. అందులో 3 శాతం వాటా, అంటే దాదాపు రూ.2,918, ఖాతాకు తిరిగి రావాలి. అదే జూన్ 25న కడితే? ఏడాది దాటి అయిదు రోజులే అయినా ఆ ప్రోత్సాహకం పోతుంది. పైగా గడువు దాటిన రోజులకు రాయితీ లేని మామూలు వడ్డీ పడుతుంది.

ప్రోత్సాహకం చాలాసార్లు కట్టిన వెంటనే కాకుండా, కొంతకాలం తర్వాత జమవుతుంది. అందుకే కట్టిన తేదీ తర్వాతి నెలల స్టేట్‌మెంట్ కూడా చూడండి. ఆ జమ కనిపించకపోతే, ముందు రుణ ఖాతాకు ఆధార్ అనుసంధానమై ఉందో లేదో బ్రాంచిలో అడగండి. అది లేకుంటే రాయితీ ఆగిపోతుంది. అన్నీ సరిగా ఉన్నా జమ కాకపోతే, డబ్బు కట్టిన తేదీ కనిపించే పేజీ జత చేసి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, రసీదు తీసుకోండి. 30 రోజుల్లో బ్యాంకు స్పందించకపోతే cms.rbi.org.in లో రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు.