అప్పడం మీద కొలిచిన అల

మైక్రోవేవ్ ఓవెన్‌లోని గాజు పళ్ళెం బయటికి తీశారు. దాన్ని తిప్పే ప్లాస్టిక్ ముక్కనీ ఊడదీసి వంటగట్టు మీద పెట్టారు. లోపల ఇప్పుడేదీ తిరగదు, మనకు కావాల్సిందీ అదే. అట్టముక్క మీద పచ్చి అప్పడాలు అంచులు తగిలేలా పరిచి, లోపల పెట్టి, తలుపు వేసి బటన్ నొక్కారు.

తలుపు జాలీకి ముఖం దగ్గరగా పెట్టి చూస్తున్నారు. కాసేపు ఏమీ లేదు. ఆనక ఒకచోట అప్పడం తెల్లగా ఉబ్బింది. కాస్త ఎడంగా ఇంకోచోట. రెంటి మధ్యలో మాత్రం పచ్చిగానే ఉంది. ఇక ఆపేయండి. ఆలస్యమైతే మచ్చలన్నీ కలిసిపోయి కొలవడానికేమీ మిగలదు.

ఇంట్లో పిల్లల స్కేలు తెచ్చి, పక్కపక్క మచ్చల నడుమ దూరం కొలుస్తున్నారు. ఒకచోట 5.8 సెంటీమీటర్లు, ఇంకోచోట 6.6. సగటున 6.2 అనుకుందాం. ఓవెన్ లోహపు గోడలకు తగిలి వెనక్కొచ్చే అలలు ఎదురొచ్చే అలలతో కలిసి, కొన్నిచోట్ల బలంగా, కొన్నిచోట్ల నీరసంగా నిలిచిపోతాయి. బలమైన చోట్ల అప్పడం ఉబ్బింది. అలాంటి రెండు చోట్ల మధ్య ఉండేది సగం అలే. అంటే పూర్తి అల పొడవు, తరంగదైర్ఘ్యం, 12.4 సెంటీమీటర్లు.

ఓవెన్ వెనక అంటించిన చీటీ చూడండి: 2450 మెగాహెర్ట్జ్. అల సెకనుకు 245 కోట్ల సార్లు ఊగుతోందన్నమాట. ఇదే ఫ్రీక్వెన్సీ. ఒక్కో ఊపుకి అల 12.4 సెంటీమీటర్లు ముందుకు జరిగితే సెకనులో ఎంత దూరం? గుణిస్తే 3,03,800 కిలోమీటర్లు వచ్చింది. కాంతి వేగం 2,99,792. స్కేలు పట్టుకుని, అప్పడాల మీద, నూటికి ఒకటిన్నర లోపు తేడాతో! అయితే ఓవెన్ పెట్టెలో అలలు అన్ని దిక్కులా ఢీకొంటాయి కాబట్టి మచ్చలు ప్రతిసారీ ఇంత బుద్ధిగా రావు. నాలుగైదు జతలు కొలిచి సగటు తీయడం అందుకే.

ఆ వేగం శూన్యంలో ఏ విద్యుదయస్కాంత తరంగానికైనా మారదు. కాబట్టి ఊపులు పెరిగితే అల పొట్టిదవుతుంది, తగ్గితే పొడుగవుతుంది. విజయవాడ ఆకాశవాణి 837 కిలోహెర్ట్జ్ మీద పలుకుతుంది. ఆ అల ఒక్కొక్కటి దాదాపు 358 మీటర్లు. ఎఫ్ఎం అల మూడు మీటర్లే.

మళ్ళీ తలుపు దగ్గరికి రండి. జాలీ చిల్లులు మిల్లీమీటరో, ఇంకాస్తో. 12 సెంటీమీటర్ల అలకు అది చిల్లుల రేకు కాదు, గోడే. తాకి వెనక్కి పోతుంది. మీరు అప్పడాన్ని చూడగలిగింది మాత్రం ఆ చిల్లుల్లోంచి వచ్చిన కాంతితోనే. ఆకుపచ్చ కాంతి అల ఓవెన్ అలకంటే రెండు లక్షల రెట్లకు పైగా చిన్నది, దానికి ఆ చిల్లు సింహద్వారం.

ఇప్పుడు ఎక్స్‌రే గదిలో ఉన్నారు. ఉంగరం తీయించారు. చెయ్యి చల్లటి పలక మీద పరిచారు. "కదపకండి" అని టెక్నీషియన్ మందపాటి గాజు వెనక్కి వెళ్ళాడు. పైనున్న ట్యూబులోంచి వచ్చే అల సుమారు 0.04 నానోమీటర్లు, పరమాణువుకంటే చిన్నది. పొడవు అంత తగ్గిందంటే ఊపులు అంత పెరిగాయన్నమాట. తరంగశక్తి ఫోటాన్లనే పొట్లాలుగా అందుతుంది, ఊపులు పెరిగేకొద్దీ ఒక్కో పొట్లం బరువెక్కుతుంది. ఓవెన్ ఫోటాన్లు కోట్లకొద్దీ కలిసినా అప్పడంలోని తేమను వేడెక్కిస్తాయంతే, ఏ ఒక్కటీ పరమాణువులోంచి ఎలక్ట్రాన్‌ను పెకలించలేదు. ఎక్స్‌రే ఫోటాన్ ఒక్కటి చాలు. ఆకుపచ్చ కాంతి ఫోటాన్‌కంటే దానిది సుమారు 14 వేల రెట్ల శక్తి. ప్రమాదమంతా అక్కడుంది. "రేడియేషన్" అన్న ఒకే మాటతో రెంటికీ భయపడటం నాకెప్పుడూ అర్థం కాదు.

పొట్టి అలలన్నీ బాగా చొచ్చుకుపోతాయనుకుంటే పొరపాటే. నల్లటి అట్టలోంచి రేడియో అల పోతుంది, కాంతి ఆగిపోతుంది, ఎక్స్‌రే మళ్ళీ పోతుంది. 1895 నవంబరులో వూర్జ్‌బర్గ్‌లో రాంట్‌జెన్ కళ్ళు పెద్దవి చేసింది ఆ మూడోదాన్ని చూసే. ట్యూబును నల్ల అట్టతో కప్పినా, దూరంగా ఉన్న తెర వెలిగింది. ఏది ఆగుతుందన్నది ఎదురైన పరమాణువుల మీదా ఆధారపడుతుంది. మీ కండలోని కార్బన్, ఆక్సిజన్ ఎక్స్‌రేని చాలావరకు పోనిస్తాయి. ఎముకలోని కాల్షియానికి ఎలక్ట్రాన్లు ఎక్కువ, అది మింగేస్తుంది. బొమ్మలో ఎముక తెల్లగా పడేది అక్కడ పలకకు అందింది తక్కువ కాబట్టే.

టెక్నీషియన్ ముందున్న గాజులో సీసం కలిపారు, గోడలోనూ సీసం రేకుంది. ఓవెన్ తలుపు జాలీ ఇక్కడ పనికిరాదు. ఎంత సన్నగా అల్లినా పరమాణువుకంటే చిన్న అలకు అది చాలదు, మింగే పదార్థమే అడ్డుండాలి.