ఉప్పు చెప్పిన తప్పు లెక్క

నీళ్ళలో ఆవిరి కాని పదార్థం ఏదైనా కరిగిస్తే అవి సున్నా డిగ్రీల కంటే కిందికి వెళ్తే గానీ గడ్డకట్టవు, వంద దాటితే గానీ మరగవు. ఇంటర్‌లో అందరం చదివినదే. ఫ్రాన్సులోని గ్రెనోబ్ల్‌లో పనిచేసిన రౌల్ట్ 1882లో దీని వెనకున్న అసలు కిటుకు బయటపెట్టాడు. కరిగింది యూరియానా, చక్కెరా అన్నది నీళ్ళకి అనవసరం. ఎన్ని అణువులు కరిగాయన్నదే లెక్క. అంటే థర్మామీటరుతో అణువుల్ని లెక్కపెట్టొచ్చన్నమాట!

ఎలాగో చూద్దాం. కిలో నీళ్ళలో ఒక మోల్ కరిగితే ఘనీభవన స్థానం 1.86 డిగ్రీలు తగ్గుతుంది. ఒక తెలియని పొడి 1 గ్రాము తీసుకుని 100 గ్రాముల నీళ్ళలో కలిపాం, 0.31 డిగ్రీలు తగ్గింది అనుకోండి. కిలోకి 10 గ్రాములు కాబట్టి:

M = 1.86 × 10 / 0.31 = 60

యూరియా అణుభారం సరిగ్గా అంతే. ఇదే ద్రావణాన్ని మరిగిస్తే పెరుగుదల 0.09 డిగ్రీలు కూడా ఉండదు. పైగా గాలి పీడనం రెండు మూడు మిల్లీమీటర్లు మారినా మరిగే స్థానం అంత తేడా చూపిస్తుంది. అందుకే నీళ్ళతో చేసేటప్పుడు గడ్డకట్టించడమే నయం. అందులోనూ ఒక చిక్కుంది. ద్రావణం ముందు ఇంకా కిందికి చల్లబడి, మంచు పుట్టగానే మళ్ళీ పైకొస్తుంది. ఆ అడుగు అంకె రాసుకుంటే అణుభారం తక్కువొస్తుంది. ఇంత చిన్న తేడాలు చూడ్డానికే బెక్‌మన్ డిగ్రీలో నూరో వంతు గీతలున్న థర్మామీటరు తయారుచేశాడు.

ఇప్పుడు పొడి బదులు ఉప్పు వేద్దాం. ఒక గ్రాముకి తగ్గుదల సుమారు 0.59. లెక్క వేస్తే 31.5 వస్తుంది. కానీ NaCl అణుభారం 58.5! కొలత తప్పా అంటే కాదు, ఎన్నిసార్లు చేసినా అంతే. వాంట్ హాఫ్ తన సూత్రాల్లో ఇలాంటి వాటి కోసం i అని ఒక గుణకం పెట్టాడు. మన భాషలో చెప్పాలంటే అదొక ప్యాచ్. సూత్రం పనిచేస్తుంది, ఎందుకో మాత్రం తెలీదు.

కారణం చెప్పింది స్వీడన్ కుర్రాడు అర్హీనియస్, 1887లో. ఉప్పు నీళ్ళలో సోడియం, క్లోరైడ్ అయాన్లుగా విడిపోతుంది, అందుకే రేణువులు దాదాపు రెట్టింపు అన్నాడు. ఏ ద్రావణాలు ఇలా లెక్క తప్పుతున్నాయో అవే కరెంటుని ప్రవహింపజేస్తున్నాయి. యూరియా, చక్కెర ద్రావణాలు ఆ పని చెయ్యవు. కరెంటు కొలతల నుంచి అతను లెక్కగట్టిన i, గడ్డకట్టించి చూసిన i చాలా పదార్థాలకి దగ్గరగా వచ్చాయి. 1903లో నోబెల్ వచ్చింది.

దీనికి తిరకాసు కూడా ఉంది. ఎసిటిక్ ఆమ్లాన్ని బెంజీన్‌లో కరిగిస్తే అణువులు జతకట్టి, 60 రావాల్సిన చోట 120కి దగ్గరగా చూపిస్తాయి. కాబట్టి తెలియని పదార్థానికి ఒక్క కొలతని నమ్మకూడదు. గాఢత మార్చి, వీలైతే ద్రావణి కూడా మార్చి చూడాలి. జవాబు మారుతోందంటే లోపల అణువులు విడిపోతూనో, కలుస్తూనో ఉన్నట్టే. థర్మామీటరు అబద్ధమాడదు. అది చెప్పేది ద్రావణంలో ఉన్న రేణువుల సంఖ్య మాత్రమే. ఆ రేణువులు మనం వేసిన అణువులే అనుకోవడం దగ్గరే లెక్క తప్పుతుంది.