చుట్టాలకూ చేరాల్సిన ఉత్తరం

1951లో ఆపరేషన్ గదుల్లోకి సక్సినైల్‌కోలిన్ అనే మందు వచ్చింది. రోగికి మత్తిచ్చాక శ్వాసగొట్టం వేయడానికి గొంతు కండరాలు సడలాలి. ఈ మందు నిమిషంలో వాటిని సడలిస్తుంది, మరికొన్ని నిమిషాల్లో దాని ప్రభావం పోతుంది. మత్తు డాక్టర్లకు అంతకన్నా కావలసిందేముంది!

అయితే ఎక్కడో ఒక రోగి మాత్రం ఆపరేషన్ ముగిసి గంటలు గడిచినా ఊపిరి తీసుకునేవాడు కాదు. డాక్టర్లు పక్కనే ఉండి కృత్రిమంగా శ్వాస అందిస్తే బతికేవాడు, లేకపోతే లేదు. మందు ఎక్కువైందేమోనని మొదట అనుకున్నారు. మోతాదు చూస్తే సరిగ్గానే ఉంది. రక్తంలో ఈ మందును విరగ్గొట్టే ఎంజైమ్ ఒకటుంది, దాన్ని తయారుచేసేది కాలేయం. కాబట్టి కాలేయం చెడిందనీ, తిండి చాలక నీరసించాడనీ మరికొందరు అన్నారు. కానీ ఈ ఇబ్బంది పడ్డవాళ్లలో రాళ్లు పిండిచేసేంత ఆరోగ్యవంతులూ ఉన్నారు.

టొరంటోలో వెర్నర్ కాలో ప్రశ్ననే మార్చాడు. ఎంజైమ్ ఎంత ఉందన్నది పక్కనపెట్టి, అది ఎలాంటిదో చూశాడు. రక్తరసంలో డైబుకైన్ అనే మందు కలిపితే మామూలు ఎంజైమ్ పని సుమారు 80 శాతం ఆగిపోయింది. ఇబ్బంది పడ్డవాళ్లది 20 శాతమే ఆగింది. ఆ తరువాత చేసిన పనే ఈ కథకు ప్రాణం. రోగుల తల్లిదండ్రులనూ తోబుట్టువులనూ పిలిచి వాళ్ల రక్తమూ పరీక్షించారు. ఏ జబ్బూ లేని ఆ చుట్టాల్లో చాలామందికి సుమారు 60 వచ్చింది, అటూ ఇటూ కాకుండా నడుమన. అంటే తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండూ మారిన జన్యువులే అందినవాడికే ప్రమాదం. ఒక్కటే అందినవాడు సాధారణంగా క్షేమం, కానీ పిల్లలకు దాన్ని ఇవ్వగలడు. 1957లో ఈ ఫలితం అచ్చయింది.

1962లో లిడెల్, లేమన్, సిల్క్ మరో చిక్కు బయటపెట్టారు. కొందరిలో ఆ ఎంజైమ్ పని దాదాపు లేనే లేదు. ఆపడానికి పనే లేనప్పుడు డైబుకైన్ పరీక్ష ఏం చెబుతుంది?

ఈ రెండో రకమే మన తెలుగువాళ్ల గడప తొక్కింది. కోయంబత్తూరు భారతియార్ విశ్వవిద్యాలయంలో ఇందుమతి మనోహరన్, రత్నం బూపతి అక్కడి తెలుగు వైశ్యుల రక్తం పరీక్షించారు. పాశ్చాత్య దేశాల్లో లక్షమందిలో ఒకరికి ఉండే లోపం ఇక్కడ సుమారు 24 మందిలో ఒకరికి కనబడింది. అమెరికాలోని ఒక్సానా లాక్రిడ్జ్‌తో కలిసి 2006లో కారణం చెప్పారు: ఎంజైమ్‌లో 307వ స్థానంలో లూసిన్ ఉండాల్సిన చోట ప్రోలిన్ ఉంది. ఎన్నో తరాలుగా సంబంధాలు కులం లోపలే కలుపుకోవడంతో ఒక పాత మార్పు అలా పేరుకుంది. ఈ లోపం ఉన్నవాళ్లు మామూలు బతుకే బతుకుతారు. ఆ మందు ఒంట్లోకి వెళ్లిననాడే తేడా తెలుస్తుంది.

అందుకే పరీక్ష ఫలితం రోగి ఫైలులో ఉండిపోతే సగం వృథా. కోటబొమ్మాళిలో కొట్టు నడిపే ఒకాయనకు విశాఖలో ఆపరేషన్ జరిగిందనీ, రెండు జన్యువులూ మారినవేనని తేలిందనీ అనుకుందాం. మేనమామ కూతురే భార్య. డాక్టరు ఇచ్చే ఉత్తరం ఇలా ఉండాలి: "సక్సినైల్‌కోలిన్, మివాక్యూరియం మీకు ఇవ్వకూడదు. మీ సొంత అన్నదమ్ములకూ అక్కచెల్లెళ్లకూ మీలాగే ఉండే అవకాశం నలుగురిలో ఒకరికి. మీ పిల్లలందరికీ మీ నుంచి ఒకటి తప్పక వస్తుంది. మీ భార్యకు కూడా ఒకటి ఉంటే, ప్రతి బిడ్డకూ రెండూ అందే అవకాశం సగం. కాబట్టి ముందు ఆమె పరీక్ష చేయించుకోవాలి."

మేనరికం వల్ల ఆమెకు ఆ జన్యువు ఉండే అవకాశం కనీసం నాలుగింట ఒక వంతు. బయటి సంబంధమైతే ఈ లెక్క వేరు. అందుకే ఉత్తరం రాసే ముందు డాక్టరు వంశవృక్షం గీయాలి, వరసలు అడగాలి.

ఉత్తరంలో మరొక మాట ఉండి తీరాలి. ఆ ఒక్క మార్పు కోసమే వెతికి "లేదు" అంటే, వేరే మార్పులు లేవని కాదు. కాబట్టి చుట్టాలకు రక్తంలో ఎంజైమ్ ఎంత పనిచేస్తోందో కూడా చూడాలి. కులం పేరు చూసి ఎవరికుందో చెప్పలేం, ఎవరికి లేదో అసలే చెప్పలేం.

రోగి ఒప్పుకోకుండా డాక్టరు చుట్టాలకు ఫోన్ చేసి ఈ విషయం చెప్పడు. ఉత్తరం చేతికొచ్చినవాళ్లే నకళ్లు తీసి తోబుట్టువులకు ఇవ్వాలి. మీ ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ తరువాత ఊపిరి ఆలస్యంగా అందిందని విన్నారా? మీకు ఆపరేషన్ అన్నప్పుడు ఆ మాట మత్తు డాక్టరుకు ముందే చెప్పండి, ఉత్తరం ఉంటే చేతిలో పెట్టండి. వేరే మందుతో క్షేమంగా మత్తివ్వడం ఆయనకు తెలుసు.