కంచం కొలత

కుర్చీ లాక్కుని పక్కన కూర్చోండి. కూకట్‌పల్లిలో మా ఆఫీసు, రాత్రి పదకొండు దాటింది. కింద చాయ్ బండివాడు స్టవ్ ఆపేశాడు. పొద్దున పదింటికి నల్లగండ్ల ఫ్లాటువాళ్ళకి భోజనాల గది బొమ్మ చూపించాలి. బ్లెండర్‌లో రెండరయిన బొమ్మ ఇప్పుడే తెర మీదికొచ్చింది.

గుండ్రటి బల్ల, పైన వేలాడే దీపం, నాలుగు స్టీలు కంచాలు. అన్నీ ఉన్నాయి. కానీ చూడగానే బొమ్మరిల్లు గుర్తొస్తోంది కదూ? గోడల రంగు బాగానే ఉంది, చెక్క బాగానే ఉంది. మరి తేడా ఎక్కడ?

కుర్చీ సీటు చూడండి. దాని వెడల్పు 45 సెంటీమీటర్లు. ఇప్పుడు దాని ముందున్న కంచం చూడండి. ఇంచుమించు సీటంత ఉంది. కంచాన్ని ఎంచుకుని N నొక్కితే పక్కన `Dimensions` కనబడుతుంది: 0.392 m. అంటే 39 సెంటీమీటర్లు. ఇది అన్నం తినే కంచమా, పెళ్ళిలో తాంబూలం పెట్టే పళ్ళెమా? ఆ ఫ్లాటు ఇల్లాలు తమ కంచం మీద టేపు పెట్టి తీసి పంపిన ఫొటోలో 28 ఉంది. గ్లాసు 12 ఉండాల్సింది దాదాపు 17కి పెరిగింది, చెంచా 17 నుంచి 24కి. అన్నీ ఒకే లెక్కన, 1.4 రెట్లు ఉబ్బాయి.

"నేనే పెంచానన్నా," అంటున్నాడు వెనక నుంచి మా కుర్రాడు. "బల్ల మధ్యలో మరీ బోసిగా కనబడింది."

తప్పు అక్కడుంది. బల్ల అడ్డుకొలత 120. కంచం బల్ల అంచు నుంచి రెండున్నర లోపలికి ఉంటుంది. 28 కంచాలు పెడితే మధ్యలో 59 సెంటీమీటర్ల గుండ్రటి చోటు మిగులుతుంది. 39వి పెడితే 37 కూడా మిగలదు. కంచంలోనే అన్నీ వడ్డించి తెచ్చే దేశాల్లో ఆ చోట పూలకుండీ పెడతారు. మనకి అక్కడ అన్నం గిన్నె, పప్పు, కూర, పెరుగు, పచ్చడి జాడీ దిగాలి. వాడికి బోసిగా కనబడింది నిజానికి వంటకాల చోటు.

సరే, దిద్దుదాం. ఒక్క చోటే చాలు. కంచం, గ్లాసు, చెంచా కలిపి పట్టుకుని S నొక్కి 0.714 కొట్టాను. తర్వాత Ctrl+A నొక్కి `Scale` స్థిరపరచాలి. లేకపోతే అంచుల నునుపు ఒక్కో వస్తువుకి ఒక్కోలా వస్తుంది. కంచం నడిబొడ్డు బల్ల నడిబొడ్డుకి 43.5 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. పాతవి మూడూ తీసేసి, దీన్నే Alt+D తో నకలు తీసి, బల్ల నడిబొడ్డు చుట్టూ 90 డిగ్రీల చొప్పున తిప్పితే మిగతా మూడూ వచ్చేశాయి.

ఇక దీపం. డెన్మార్క్‌కి చెందిన పోల్ హెన్నింగ్సన్ 1958లో గీసిన పీహెచ్ 5 అది. 50 సెంటీమీటర్ల వెడల్పు. రేకుల్లాంటి అంచులు బల్బుని కంటికి కనబడనివ్వవు. కుర్రాడు దాన్ని బల్లకి మీటరుంపావు పైన కట్టాడు. ఆ ఎత్తున అది గది దీపమే గానీ బల్ల దీపం కాదు. దీనికి 60 అలవాటైన ఎత్తు. నేను 70కి దించాను. మన ఇళ్ళలో ఒకరు నిలబడి వడ్డిస్తారు. అవతలి కంచంలోకి వంగినప్పుడు నుదురు రేకుకి తగలకూడదు. కూర్చున్నవాళ్ళ కళ్ళు నేల నుంచి 120 దగ్గర ఉంటాయి, దీపం అడుగు 145లో. ఎదుటివాళ్ళ మొహం దాని కింద నుంచి కనబడుతుంది.

మళ్ళీ రెండర్ పెట్టాను. అయ్యో, కంచాలన్నీ తెల్లగా మాడిపోయాయి! దూరం సగమైతే వెలుగు నాలుగింతలవుతుంది. మనం దించిన దానికే రెట్టింపు దాటింది. పైగా `Power` దగ్గర వీడు 40 W అని కొట్టాడు. బల్బు పెట్టె మీది వాట్లు వేరు, ఇక్కడి వాట్లు వేరు. 800 ల్యూమెన్ల బల్బుకి ఇక్కడ రెండు వాట్ల చిల్లర చాలు. 2.1 పెట్టి, గది మసకబారితే `Exposure` పెంచుకోవాలి, దీపాన్ని కాదు.

ఇప్పుడు చూడండి. కంచంలో దీపం అడుగు ప్రతిబింబించి మెరుస్తోంది, గ్లాసుల పక్కన నీడలు పడ్డాయి. గోడలు కాస్త చీకటిగానే ఉన్నాయి. ఉండనివ్వండి, కిందికి వేలాడే దీపమున్న గది అలాగే ఉంటుంది.

ఆ ఇంటి పైకప్పు 290. బల్ల 75, దాని పైన 70, దీపం 27 పోతే తీగకి మిగిలేది 118 సెంటీమీటర్లు. బొమ్మ కంటే ముందు ఆ అంకె ఎలక్ట్రీషియన్‌కి వాట్సాప్ చేశాను.